ఇరవై అక్షరాల పాస్‌వర్డ్

ఆదివారం, రాత్రి.

నిన్న ఇంట్లో రూటర్ మార్చారు. పాత పాస్‌వర్డ్ పోయి, పెట్టె వెనుక చీటీ మీద చిన్నా పెద్దా అక్షరాలూ అంకెలూ కలగలిసిన ఇరవై అక్షరాల కొత్తది వచ్చింది. ఫోన్లలో వెంటనే కొట్టేశాము కాని, టీవీ మాత్రం ఈ ఉదయం వరకూ అలాగే ఉండిపోయింది.

నాన్నగారు రిమోట్‌తో రెండుసార్లు ప్రయత్నించి అలసిపోయారు. తెర మీది కీబోర్డులో `p` నుంచి `a` కి వెళ్లాలంటే బాణం మీటను సుమారు పదిసార్లు నొక్కాలి, ఆపైన ఓకే నొక్కాలి. పెద్ద అక్షరం వచ్చినప్పుడల్లా షిఫ్ట్ గడి దాకా వెళ్లి రావాలి, అంకెలకైతే కొన్ని టీవీల్లో వేరే పేజీకే మారాలి. ఇంత చేశాక పాస్‌వర్డ్ తప్పని చెబితే, ఏ అక్షరం దగ్గర పొరపాటు జరిగిందో చుక్కల వరుసలో తెలియదు.

నేను కూర్చున్నాక మొదట పాస్‌వర్డ్‌నే సరిచూశాను. ఫోన్ అప్పటికే వైఫైలో ఉంది కనుక, సెట్టింగుల్లో ఆ నెట్‌వర్క్ పేరు తెరిచి షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ కింద పాస్‌వర్డ్ అక్షరాల్లోనే కనిపించింది. చీటీలో నాన్నగారు సున్నా అనుకున్నది నిజానికి పెద్ద `O` అని అక్కడే తేలింది. నాన్నగారి వేళ్లలో ఏ తప్పూ లేదు.

తరువాత కంప్యూటర్ కీబోర్డు తీగను టీవీ పక్కనున్న యూఎస్‌బీ రంధ్రంలో పెట్టాను. రెండు క్షణాల్లోనే బాణం మీటలతో మెనూ కదిలింది. పాస్‌వర్డ్ గడిలోకి వెళ్లి, ముందుగా "పాస్‌వర్డ్ చూపించు" అన్న గడిని టిక్ చేసి, అక్షరాలు కంటితో చదువుకుంటూ కొట్టి ఎంటర్ నొక్కాను. మొత్తం అరనిమిషం పట్టింది. తీగ లేని కీబోర్డయినా, దానితో వచ్చే చిన్న యూఎస్‌బీ ముక్కను గుచ్చితే సాధారణంగా ఇలాగే పనిచేస్తుంది. బ్లూటూత్ కీబోర్డునైతే ముందు టీవీతో జత చేయాలి. కొన్ని టీవీలు కీబోర్డును అసలు గుర్తించవు. మెనూ కదలకపోతే అంతేనని అర్థం, అప్పుడు రూటర్ నుంచి నేరుగా లాన్ తీగ వేసుకోవడం మేలు. దానికి పాస్‌వర్డే అక్కరలేదు.

"ఒరేయ్, ఇకనుంచి ఈ కీబోర్డు టీవీకే ఉంచాలా?" అని నాన్నగారు అడిగారు. అక్కరలేదన్నాను. ఆయనకు నమ్మకం కలగాలని కీబోర్డు తీసేసి, టీవీ స్విచ్ గోడ దగ్గరే ఆపి మళ్లీ వేశాను. వైఫై తనంతట తానే కలిసింది. రూటర్ పాస్‌వర్డ్ మళ్లీ మారితే తప్ప దీన్ని ముట్టుకోవలసిన పని లేదు. పెద్ద `O` ని మాత్రం చీటీ మీద ఎర్ర పెన్నుతో చుట్టి ఉంచాను.