46వ పేజీ కింద తెగిపోయిన ఫుట్‌నోట్

మా తాతయ్య పుస్తకాల బీరువాలో ఊరి చెరువుల మీద ఒక పాత పుస్తకం దొరికింది. 208 పేజీలు. రచయిత పోయి 60 ఏళ్ళు ఎప్పుడో దాటాయి కాబట్టి కాపీరైట్ గొడవ లేదు. స్కాన్ చేయించి, పాత పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకునేలా ఉంచే తెలుగు వికీసోర్స్‌లో పెట్టి, చిక్కడపల్లిలో మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక నాలుగైదు పేజీల చొప్పున దిద్దుతూ వచ్చాను. అక్షర దోషాలు త్వరగానే అలవాటైపోయాయి. నన్ను ఏడిపించినవి పేజీ పైనా కిందా ఉండే చిన్న చిన్న ముక్కలు.

మూడో అధ్యాయం పేజీలన్నీ కలిపి చదువుతుంటే ఇలా కనిపించింది:

```
ఊరివారందఱును చెఱువులు - కాలువలు 47 కలిసి మరల గట్టు వేసిరి.
```

46వ పేజీ "ఊరివారందఱును" దగ్గర ఆగింది. 47వ పేజీ నెత్తిన అధ్యాయం పేరు, పేజీ నంబరు ఉన్నాయి. స్కాన్‌లోని అక్షరాలను చదివి టైపు చేసిపెట్టే ఓసీఆర్‌కి అది తలకట్టని ఏం తెలుసు, వాక్యంలో కలిపేసింది. దిద్దే పేజీలో అసలు పాఠానికి ఒక పెట్టె, దానికి పైనా కిందా ఒక్కో పెట్టె ఉంటాయి. ఆ పై పెట్టెలో రాసింది ఆ పేజీ వరకే కనిపిస్తుంది, అధ్యాయంలోకి రాదు. నాకు ఆ రెండు పెట్టెలూ మూసి ఉండటంతో అవి ఉన్నాయనే తెలియలేదు. తెరిచాక తలకట్టును పైకి మార్చాను. తీసేయలేదు, ఎందుకంటే స్కాన్‌తో పోల్చి చూసేవాళ్ళకి అది అక్కడే కనబడాలి.

ఫుట్‌నోట్ మాత్రం రెండు రాత్రులు తినేసింది. 46వ పేజీలో "శాసనము" అన్న మాట పక్కన నక్షత్రం గుర్తు ఉంది. కింద దాని వివరణ "కొన్ని అక్షరములు అరిగి" అని సగంలో ఆగింది. మిగతాది 47వ పేజీ అడుగున, ఏ గుర్తూ లేకుండా "పోయినవి" అని మొదలైంది. దాని కిందే ఆ పేజీకి చెందిన నక్షత్రం గుర్తుతో ఇంకో ఫుట్‌నోట్. అప్పట్లో ప్రతి పేజీకీ గుర్తులు మళ్ళీ నక్షత్రంతోనే మొదలుపెట్టేవాళ్ళు మరి. నేను ఆ తెగిన ముక్కను విడిగా ఒక ఫుట్‌నోట్ చేశాను. దాంతో అధ్యాయంలో ఎవరూ పెట్టని ఒక నంబరు పుట్టి, తర్వాతి నంబర్లన్నీ ఒక్కొక్కటి జరిగాయి.

చేయాల్సింది ఇదీ. మొదటి సగానికి ఒక పేరు పెట్టాలి:

```
శాసనము<ref name="p46">ఈ శాసనము గుడి ముందర నున్నది. కొన్ని అక్షరములు అరిగి</ref>
```

రెండో సగాన్ని 47వ పేజీ పాఠం మొదట్లో ఆ పేరుతోనే రాయాలి:

```
<ref follow="p46">పోయినవి. మిగిలినవి నేనే చదివితిని.</ref>
```

అప్పుడు అధ్యాయంలో రెండూ ఒకే నోట్‌గా అతుక్కుంటాయి, కొత్త నంబరు రాదు. ముందు నేను పేరుగా ఉత్త 46 అని ఇచ్చి ఎర్రక్షరాలతో తిట్లు తిన్నాను. పేరు మొత్తం అంకెలే అయితే ఒప్పుకోదు, అందుకే ముందు p తగిలించాను.

ఇంతా చేసి ఊపిరి పీల్చుకుంటే, 33వ పేజీ అడుగున ఎడమ మూల "3" అని ఒక ఒంటరి అంకె. పాఠంలో ఎక్కడా 3 గుర్తు లేదు. ఎక్కడో నోట్ ఎగిరిపోయిందని టెన్షన్ పడి మా బాబాయికి చూపించాను. ఆయన ప్రెస్సులో కంపోజిటర్‌గా చేశారు. కళ్ళజోడు కూడా పెట్టుకోకుండానే నవ్వారు.

"అది నోట్ కాదమ్మా, ఫారం నంబరు. 16 పేజీలు ఒక ఫారం. బైండింగ్‌లో వరస తప్పకుండా ప్రతి ఫారం మొదటి పేజీ కింద వేసేవాళ్ళం. 49 చూడు, 4 ఉంటుంది."

ఉంది. 208 పేజీలంటే 13 ఫారాలు. మొదటి దానికి నంబరు వేయలేదు, మిగతా 12 చోట్లా ఉంది. వాటిలో ఐదింటిని అప్పటికే నేను ఫుట్‌నోట్లుగా మార్చేసి ఉన్నాను, ఆ పేజీలకు కింద ఏ వివరణా లేకపోయినా! అన్నీ పీకేసి, అంకెల్ని కింది పెట్టెలోకి పంపాను.

బొమ్మల కింది రాతలు కొంచెం నయం. తూము, మత్తడి ఫొటోలు 62వ పేజీలో పక్కపక్కన ఉంటే, ఓసీఆర్ రెండు రాతల్నీ అడ్డంగా చదివి "పాతతూము మత్తడి గోడ వెలుపలివైపు లోపలినుండి" అని ఒకటి చేసింది. ఏ ముక్క ఏ బొమ్మదో స్కాన్ చూసి విడదీశాను. ఆ బొమ్మలు వాక్యం మధ్యలో పడటంతో వాటిని పేరా అయ్యాక పెట్టాను. పేరా 63వ పేజీలో ముగుస్తోంది, అంటే బొమ్మలు పుస్తకంలో ఉన్న పేజీలో లేవు. బాబాయికి అది నచ్చలేదు. నాకూ పూర్తిగా నచ్చలేదు కానీ, "నీరు బయటకు" అని చదివి రెండు ఫొటోలు దాటాక "పోవును" అని చదవడం కంటే ఇదే నయమనిపించి అలాగే ఉంచాను.