ఒకే కంతును రెండుసార్లు కోసిన లెక్క: తిరుపతిలో నా హోమ్ లోన్ అనుభవం

తిరుచానూరు వైపు ఫ్లాటుకు 18 లక్షల లోను నిన్ననే శాంక్షన్ అయింది. కాగితాలిచ్చేది పెద్ద కష్టం కాలేదు. మూడు నెలల పేస్లిప్పులు, ఆరు నెలల స్టేట్‌మెంటు, రెండేళ్ల ఫారం 16 ఒకే పూటలో ఇచ్చేశా. ప్రాణం తీసింది అర్హత లెక్క.

బ్యాంకు చూసేది ఎఫ్‌ఓఐఆర్. ఇప్పటికే కట్టే కంతులకు కొత్త లోను కంతు కలిపి, ఆ మొత్తం చేతికొచ్చే జీతంలో ఎంత శాతమో చూస్తారు. హద్దు బ్యాంకును బట్టి, జీతాన్ని బట్టి మారుతుంది. నాకు 50 శాతం పెట్టారు.

నా పేస్లిప్పులో బేసిక్ 30,000, హెచ్‌ఆర్‌ఏ 9,000, స్పెషల్ అలవెన్సు 15,000, మొత్తం 54,000. కటింగులు పీఎఫ్ 3,600, వృత్తి పన్ను 200, ఫ్యాక్టరీ ఉద్యోగుల సొసైటీ లోను కంతు 5,000. ఖాతాలో పడేది 45,200. ఒక నెల ఓటీ 6,000 వచ్చింది గానీ, ప్రతి నెలా రాదని దాన్ని పక్కన పెట్టేశారు. అది న్యాయమే. బయట బైకు కంతు 3,200, ఫ్రిజ్ కంతు 2,000 ఉన్నాయి.

అధికారి కాలిక్యులేటర్ నొక్కి, నలుగురూ వినేట్టు అన్నాడు: "మీ జీతానికి పద్నాలుగు లక్షలు దాటదు సార్. ఆశ తగ్గించుకోండి." వెనక క్యూలో మా కాలనీ ఆయన ఉన్నాడు. తల ఎత్తలేకపోయా.

ఇంటికొచ్చి ఆయన రాసిచ్చిన చీటీ చూస్తే తప్పు అందులోనే ఉంది. జీతం 45,200 అని వేసి, సగం 22,600 అన్నాడు. అందులోంచి బైకు, ఫ్రిజ్, సొసైటీ కలిపి 10,200 తీసేసి, కొత్త కంతుకు 12,400 మిగులుతుందన్నాడు. కానీ ఆ 45,200 సొసైటీ కంతు పోయాక పడిన జీతం! ఒకసారి ఆదాయంలో తగ్గిన 5,000ను అప్పుల వరుసలో మళ్లీ రాశాడు.

లోను కటింగును జీతానికి తిరిగి కలిపి, తర్వాత అప్పుల్లో ఒక్కసారే చూపించాలి. పీఎఫ్, వృత్తి పన్ను మాత్రం తీసేస్తే, జీతం 50,200 అవుతుంది. సగం 25,100. అందులో 10,200 పోతే 14,900. తేడా నెలకు 2,500, అంటే 5,000లో సరిగ్గా సగం. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లకైతే లక్షకు కంతు సుమారు 868. ఆ లెక్కన 14.28 లక్షలు కాస్తా 17.16 లక్షలైంది. ఒక్క గడి తప్పు నింపినందుకు దాదాపు 2.9 లక్షలు పోయేవి.

మీ పేస్లిప్పులో సొసైటీ, పీఎఫ్ లోను, జీతం అడ్వాన్సు లాంటి కటింగు ఏదున్నా, "ఏ జీతం తీసుకున్నారు, కటింగుకు ముందుదా, తర్వాతదా?" అని మొదటే అడగండి. సొసైటీ లోను సిబిల్‌లో కనపడకపోవచ్చు. పేస్లిప్పు వరుస చూసి చేత్తో రాసుకుంటారు, అందుకే ఈ తప్పు జరుగుతుంది. నేను మేనేజరు ముందు రెండు లెక్కలూ పక్కపక్కన రాసి చూపించా. ఆయన ఒప్పుకోడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. మొదటాయన మాత్రం "సిస్టమ్ అట్లే తీసుకుంటుంది" అని గొణిగాడు. సిస్టమ్‌లో టైపు చేసింది ఎవరో మరి.

అయినా 18 లక్షలకు కంతు 15,624. పాతవి కలిపితే 25,824, అంటే 50,200లో 51.4 శాతం. ఇంకా గీత దాటే ఉంది. అప్పుడొక ఏజెంటు ఫోను: "అన్నా, ఇరవై అయిదేండ్లు పెట్టిచ్చుకో, అయిపోతాది." నిజమే, లక్షకు 805 చొప్పున కంతు 14,490కి దిగుతుంది, 49.2 శాతంలో పాసవుతుంది. కానీ 20 ఏళ్లకు కట్టేది 37.5 లక్షలైతే, 25 ఏళ్లకు 43.5 లక్షలు. ఆ ఆరు లక్షల సంగతి ఆయన నోట రాలేదు.

నేను ఫ్రిజ్ కంతు చూశా. మిగిలింది నాలుగు నెలలే, దాదాపు 8,000. మొత్తం కట్టేస్తే నెలకు 2,000 భారం పోయి, శాతం 47.5కి దిగింది. కొన్ని బ్యాంకులు కొద్ది నెలల్లో ముగిసే కంతును లెక్కలోకే తీసుకోవు. ఇక్కడ తీసుకున్నారు. అర్హత కోసం ఏ అప్పు ముందు తీర్చాలో చూసేటప్పుడు వడ్డీ ఎంతని కాదు, తక్కువ డబ్బుకు ఏ కంతు ఎక్కువ తగ్గుతుందో చూసుకోవాలి. బైకుకు ఇంకా 22 నెలలుంది, దాని జోలికి పోలేదు.

కట్టిన రోజే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. 2025 జనవరి నుంచి అప్పుల వివరాలు పదిహేను రోజులకోసారి క్రెడిట్ బ్యూరోలకు వెళ్లాలన్న రూలు వచ్చింది గానీ, కొత్త వివరం చేరేదాకా రిపోర్టులో పాత కంతే కనపడుతుంది. నా ఫైలు కదిలింది ఆ సర్టిఫికెట్ పెట్టాకే.

ఇంకా డబ్బు విడుదల కాలేదు. అంతలోపల సిబిల్ మళ్లీ తీసే వీలుంది కాబట్టి, మా ఆవిడ అడిగిన ఫోను కంతుల్లో కాకుండా రిజిస్ట్రేషన్ అయినాకే కొంటానని చెప్పా.