అద్దాల బాల్కనీలో ఎండ

"రోజూ ఎండలోనే కూర్చుంటున్నా కదరా, మరి ఇదేంటి?" అంటూ అమ్మ రిపోర్టు నా చేతిలో పెట్టింది. విటమిన్ డి 11. కనీసం 20 ఉండాలి.

అమ్మ కూర్చునేది పొద్దున ఏడింటికి, అద్దాలు మూసిన బాల్కనీలో. వెచ్చగానే ఉంటుంది. కానీ పనిచేసేది వేడి కాదు, యూవీ-బి కిరణాలు. వాటిని మామూలు కిటికీ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పైగా ఆ వేళకి సూర్యుడు బాగా కిందికి ఉంటాడు, ఏటవాలుగా వచ్చే ఆ కిరణాల్ని ఓజోనే చాలావరకు మింగేస్తుంది. మన నీడ మనకన్నా పొట్టిగా పడే వేళైతేనే లెక్క.

ఆ కిరణం నేరుగా ఒంటికి తగిలితే, చర్మంలో కొలెస్ట్రాల్‌కి ముందు దశలో ఉండే పదార్థం ఒకటి విచ్చుకుంటుంది. తర్వాత ఒంటి వేడికే అది మెల్లగా విటమిన్ డి3 అవుతుంది. అలాగని గంటలకొద్దీ మాడక్కర్లేదు. మోతాదు మించితే మిగతాదంతా పనికిరాని పదార్థాలుగా మారిపోతుంది.

"పోనీ, తిండితో సరిపెట్టేద్దాం" అంది.

గుడ్డు సొనలో ఉండేది సుమారు 40 యూనిట్లు, రోజుకి కావాల్సింది 600. అంటే 15 గుడ్లు! ఆకుకూరల్లో దాదాపు ఉండదు. కొవ్వు పట్టిన సముద్రపు చేపల్లో బాగానే ఉంటుంది, అదీ నీళ్ళలో తేలుతూ ఎండ తగిలిన చిన్నచిన్న జీవుల, అంటే ప్లవకాల నుంచి మేత ద్వారా వాటి ఒంట్లో పేరుకున్నదే. మా అమ్మేమో చేప వాసనే పడదంటుంది.

డాక్టరు గారు వారానికో బిళ్ళ రాశారు. భోజనంతో వేసుకోమన్నారు, కాస్త కొవ్వు తోడుంటేనే అది ఒంటికి బాగా పడుతుందట.