ఙ వచ్చిన బిడ్డకు ఏ పేరు పెట్టాలి?

పంచాంగంలో నక్షత్ర పాదాల పట్టిక ఒకటి ఉంటుంది. అశ్వినికి చు, చే, చో, లా; భరణికి లీ, లూ, లే, లో; ఇలా 27 నక్షత్రాలకు నాలుగేసి చొప్పున 108 అక్షరాలు. పురిటి కబురు అందగానే ఇంట్లో పెద్దలు వెతికేది ఆ పేజీనే. చాలామందికి అక్కడ ఏ చిక్కూ ఉండదు. రోహిణి రెండో పాదమైతే వా వస్తుంది, వాసు అనో వాణి అనో పిలుచుకోవచ్చు. ఆర్ద్ర మూడో పాదంలో పుట్టిన బిడ్డకు మాత్రం ఆ పట్టిక ఙ అని చూపిస్తుంది. ఙతో మొదలయ్యే పేరు తెలుగులోనూ లేదు, సంస్కృతంలోనూ లేదు.

కర్నూలులో ఒక ఇంట్లో ఇదే జరిగింది. మగపిల్లవాడు మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాలకు పుట్టాడు. పంచాంగం ప్రకారం ముందురోజు రాత్రి 9.40కి మృగశిర వెళ్లి ఆర్ద్ర వచ్చింది. పుట్టిన రోజు రాత్రి 10.30 దాకా ఆర్ద్ర ఉంది. అంటే ఆర్ద్ర మొత్తం 24 గంటల 50 నిమిషాలు. దాన్ని నాలుగు భాగాలు చేస్తే ఒక్కో పాదానికి 6 గంటల 12 నిమిషాల పైచిలుకు. మొదటి రెండు పాదాలు ఉదయం 10.05కి పూర్తయ్యాయి, మూడోది సాయంత్రం 4.17 దాకా నడిచింది. బిడ్డ పుట్టింది సరిగ్గా ఆ మధ్యలో. ఆసుపత్రి గడియారం పది నిమిషాలు అటూ ఇటూ ఉన్నా పాదం మారదు. లగ్నం సుమారు రెండు గంటలకొకసారి మారుతుంది, ఊరిని బట్టి కూడా మారుతుంది. చంద్రుడి పాదం అలా కాదు. పంచాంగంలో గంటలూ నిమిషాల్లో ఇచ్చిన నక్షత్రాంత్య సమయం విజయవాడకూ కర్నూలుకూ ఒకటే. సూర్యోదయం నుంచి ఘడియల్లో ఇచ్చిన పంచాంగమైతే మాత్రం ఊరి సూర్యోదయాన్ని సరిచూసుకోవాలి.

పొరపాట్లు ఎక్కువగా జరిగేవి రెండు చోట్ల. అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు పుట్టిన బిడ్డకు ఆసుపత్రి వాళ్లు మరుసటి తేదీ వేస్తారు, పంచాంగం మాత్రం సూర్యోదయం వరకూ పాత రోజునే లెక్కిస్తుంది. తేదీ చూసి పక్క గడిలోకి వెళ్లిపోతే ఏకంగా నక్షత్రమే మారిపోతుంది. రెండోది పాదం మారే వేళకు దగ్గరగా పుట్టినప్పుడు. ఆకాశంలో కనిపించే గ్రహస్థితిని బట్టి వేసే దృక్కు పంచాంగానికీ, పాత సిద్ధాంత గ్రంథాల లెక్కతో వేసే పూర్వ పద్ధతి పంచాంగానికీ కొన్ని రోజుల్లో గంట, అంతకు మించి తేడా ఉంటుంది. అలాంటప్పుడు రెండూ కలిపి చూసి మధ్యే మార్గం తీయడం తప్పు. ఇంట్లో జాతకాలన్నీ ఏ పద్ధతిలో వేస్తున్నారో ఆ పద్ధతినే పట్టుకోవాలి.

ఇంతకూ ఆ అక్షరం జాతకంలో దేనికి గుర్తు? అది చంద్రుడున్న చోటుకు గుర్తు. ఆకాశ వృత్తం 360 భాగలు, అంటే డిగ్రీలు; ఒక్కో భాగకు 60 కళలు. వృత్తాన్ని 108తో భాగిస్తే ఒక్కో పాదానికి 3 భాగల 20 కళలు. ఆర్ద్ర మూడో పాదం మిథున రాశిలో 13 భాగల 20 కళల నుంచి 16 భాగల 40 కళల వరకు ఉంటుంది. ఒక్క అక్షరం తెలిస్తే నక్షత్రం ఆర్ద్ర అనీ, రాశి మిథునం అనీ, ఒక్కో రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే నవాంశ చక్రంలో చంద్రుడు కుంభంలో ఉన్నాడనీ చెప్పవచ్చు. పాదం కోసం చేసిన లెక్కలోనే దశ కూడా దొరుకుతుంది. ఆర్ద్రకు అధిపతి రాహువు, ఆయన దశ 18 ఏళ్లు. బిడ్డ పుట్టేసరికి నక్షత్రంలో 14 గంటల 30 నిమిషాలు గడిచి 10 గంటల 20 నిమిషాలు మిగిలాయి. ఆ నిష్పత్తిలో రాహు దశ శేషం సుమారు ఏడున్నర ఏళ్లు. జాతకం రాసిన కాగితం చెదలు తిన్నా ఈ సమాచారంలో సగం పేరులో మిగిలి ఉండాలన్నది పెద్దల ఏర్పాటు. అక్షరానికి రాత మార్చే శక్తి ఉందని చెప్పేవాళ్లను నేను పెద్దగా నమ్మను.

మరి ఎవరూ పలకని ఙను అక్కడ ఎందుకు పెట్టారు? దీనికి జవాబు అవకహడ చక్రంలో ఉంది. ఈ చక్రం అశ్వినితో కాక, పాత లెక్క ప్రకారం కృత్తికతో మొదలవుతుంది. అ, వ, క, హ, డ అనే ఐదు అక్షరాలను తీసుకుని ఒక్కోదాన్ని అ, ఇ, ఉ, ఏ, ఓ స్వరాలతో చదువుకుంటూ వెళ్లాలి. ఆ ఈ ఊ ఏ కృత్తికకు. ఓ వా వీ వూ రోహిణికి. వే వో కా కీ మృగశిరకు. ఇలా ఆశ్లేష దాకా ఏడు నక్షత్రాలు, 28 పాదాలు. ఐదు ఐదుల ఇరవై ఐదు అక్షరాలే ఉన్నాయి, మూడు తక్కువ పడ్డాయి. ఆ మూడింటినీ వరుసలో ఎక్కడపడితే అక్కడ దూర్చలేదు. ఇరవై ఐదు గడులకు నట్టనడుమ ఉన్నది పదమూడో గడి, అంటే కూ. దాని పక్కనే ఘ, ఙ, ఛ చేర్చారు. ఆర్ద్ర అంతా కలిపి ఆ నడిమి గడి ఒక్కటే.

అవకహడ ఒక వరుస, మిగిలిన మూడు వరుసల్లోనూ ఇదే పద్ధతి. మటపరతలో నడిమి గడి పూ, అక్కడ హస్తకు పూ, ష, ణ, ఠ వచ్చాయి. నయభజఖలో పూర్వాషాఢకు, గసదచలలో ఉత్తరాభాద్రకు ఇలాంటి అక్షరాలే పడ్డాయి. ఉత్తరాభాద్ర దగ్గర పట్టికలు ఒకదానితో ఒకటి కలవవు. కొన్నింటిలో ఞ ఉంటే కొన్నింటిలో శం అని వేస్తారు. శ్రవణానికి మన పంచాంగాల్లో జూ, జే, జో, ఖా ఉంటే ఉత్తరాది వాళ్లు ఖీ, ఖూ, ఖే, ఖో అంటారు. మూడో వరుసలో, 27లో చేరని అభిజిత్తు నక్షత్రాన్ని కలిపితేనే ఏడు నక్షత్రాలవుతాయి, వాళ్లు జూ, జే, జో, ఖాను అభిజిత్తుకు వదిలేశారు. ఫోనులో వెతికి రెండు జాబితాలు చూసి ఏది తప్పో తెలియక కంగారు పడేవాళ్లకు ఇంతకంటే మర్మమేమీ లేదు.

కాబట్టి ఙ వస్తే రెండు దారులున్నాయి. పేరుకు మొదట ఙ, ఞ, ణ రావు గనుక వాటికి బదులుగా వరుసగా గ, జ, డ తీసుకోమన్నది శాస్త్రం చెప్పిన దారి. రెండోది అదే నక్షత్రంలోని వేరే పాదం అక్షరం తీసుకోవడం. ఆర్ద్ర మొత్తం మిథునంలోనే ఉంది గనుక కూతో కుమార్ అని పెట్టినా నక్షత్రం మారదు, రాశి మారదు, నవాంశ గుర్తు ఒక్కటే పోతుంది. అన్ని నక్షత్రాలకూ ఈ వెసులుబాటు లేదు. మృగశిర మొదటి రెండు పాదాలు వృషభంలో, తర్వాతి రెండూ మిథునంలో ఉంటాయి. అక్కడ మూడో పాదం బిడ్డకు వేతో పేరు పెడితే రాశే తప్పిపోతుంది.

పురోహితుడు గ తీసుకోమన్నాడు. ఆర్ద్రకు అధిదేవత రుద్రుడు, అందుకని గంగాధర అన్నాడు. అందరికీ నచ్చింది, జేజికి తప్ప.

"సామీ, నేను మద్దిలేటయ్యకు మొక్కుకున్నాను. ఆయన పేరు పెట్టకపోతే ఎట్లా?" అని ఆమె అడిగింది.

బేతంచెర్ల దగ్గర కొండల్లో వెలసిన మద్దిలేటి నరసింహస్వామికి మొక్కుకుని పుట్టిన పిల్లలకు ఆ పేరు పెట్టడం ఇక్కడ ఇంటింటా ఉన్న ఆచారం. అహోబిలం మొక్కు ఓబులేసు అవుతుంది, ఉరుకుంద స్వామి మొక్కు ఈరన్న అవుతుంది. పట్టిక ప్రకారం ఈ అంటే కృత్తిక రెండో పాదం. ఉరుకుంద చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న ఈరన్నలందరూ ఆ ఆరు గంటల్లోనే పుట్టారని ఎవరూ అనుకోరు కదా.

పురోహితుడు ఆమెతో వాదించలేదు. రెండు పేర్లూ పెడదామన్నాడు. ధర్మశాస్త్రం ఒక్క పేరుతో సరిపెట్టమని ఎన్నడూ చెప్పలేదు. దేవతా నామం, మాస నామం, నక్షత్ర నామం, వ్యవహార నామం అని నాలుగు చెప్పింది. ఆపస్తంబ గృహ్యసూత్రం నక్షత్ర నామం రహస్యంగా ఉండాలంటుంది. పదకొండో రోజున పళ్లెంలో బియ్యం పోసి, తండ్రి ఉంగరంతో గంగాధర అని రాశాడు, బిడ్డ కుడి చెవిలో మూడుసార్లు చెప్పాడు. తర్వాత జేజి బిడ్డను ఉయ్యాలలో వేసి "మద్దిలేటీ" అని అందరికీ వినబడేలా పిలిచింది.

ఇప్పుడు ఈ పిల్లవాడిది ఏ రాశి? పుట్టుకను బట్టి మిథునం. మద్దిలేటి అనే పేరును బట్టి మఖ మొదటి పాదం, సింహం. దీనికి పెద్దలు చెప్పే శ్లోకం ఒకటుంది:

దేశే గ్రామే గృహే యుద్ధే సేవాయాం వ్యవహారకే
నామరాశేః ప్రధానత్వం జన్మరాశిం న చింతయేత్

ఊరు, ఇల్లు, పోరు, కొలువు, ఇచ్చిపుచ్చుకోవడం అనే వాటికి పిలిచే పేరు రాశిని చూడాలి, అక్కడ జన్మరాశి అక్కరలేదు. అంటే ఈ పిల్లవాడు పెద్దవాడై ఇల్లు కట్టుకునేటప్పుడు సింహాన్ని చూస్తారు. పెళ్లికీ, గ్రహచారానికీ మాత్రం జన్మరాశే ప్రధానం. అందుచేత ఉగాది నాడు రాశిఫలాలు వినేటప్పుడు మద్దిలేటి మిథునం దగ్గర చెవి ఒగ్గాలి. ఈ శ్లోకం నాకు ఇష్టం. నలుగురి మధ్య తిరిగే మనిషిని నలుగురూ పిలిచే పేరుతోనే చూడమంటోంది. పుట్టుకతో వచ్చినదాన్ని అంతకంటే లోపలి విషయాలకు దాచిపెట్టింది.

పేరు మొదట్లో శ్రీ గౌరవం కోసం చేరిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోరు. సంయుక్తాక్షరమైతే మొదటి హల్లును చూస్తారు, ప్రసాద్‌కు ప. హ్రస్వం, దీర్ఘం తేడా లేదు. కమల అన్నా కాశి అన్నా మృగశిర మూడో పాదమే.

జన్మ సమయం తెలియనివాళ్లకు పెళ్లికి కూడా నామ నక్షత్రమే ఆధారం. అప్పుడు ఇద్దరికీ నామ నక్షత్రాలే చూడాలి. ఒకరిది జన్మ నక్షత్రం, మరొకరిది నామ నక్షత్రం తీసుకుని పొంతన వేయకూడదు. పాత తరంలో ఇలాంటి వాళ్లే ఎక్కువ. ఈ జేజి పేరు ఓబులమ్మ, ఏ నక్షత్రంలో పుట్టిందో ఆమెకు చెప్పేవాళ్లెవరూ లేరు. మనవడి అర్చనకు ఆర్ద్రా నక్షత్రం, మిథున రాశి, గంగాధర నామధేయం అని రాసిన చీటీ ఆమె కొంగున ఉంటుంది. తన వంతు వచ్చినప్పుడు పేరు మాత్రమే చెబుతుంది. ఓ అంటే రోహిణి మొదటి పాదం, వృషభ రాశి. పూజారి మరేమీ అడగకుండా ఆ నక్షత్రంతోనే ఆమె సంకల్పం చెబుతాడు.