పర్మాంగనేట్ టైట్రేషన్‌ల 20.0 వచ్చిందని సంబరపడ్డ, అది తప్పు

ఇంటర్ సెకండియర్ ప్రాక్టికల్స్ రాయబోయే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఇది. మాది హన్మకొండ, బైపీసీ. సాల్ట్ అనాలసిస్ గురించి అందరు చెప్తరు, టైట్రేషన్ అంటే మాత్రం "ఫార్ములా ఉంది కదా, వేసేయ్" అంటరు. నేను కూడా అట్లనే అనుకున్న, ప్రీఫైనల్ ల్యాబ్‌ల అయిన సంగతి చెప్తే మీకే అర్థమైతది.

ప్రశ్న ఏందంటే 0.05 మోలార్ ఆగ్జాలిక్ యాసిడ్ ఇస్తరు, దాంతోటి పర్మాంగనేట్ మోలారిటీ కనుక్కోవాలె. పిప్పెట్‌తో 20 ఎంఎల్ ఆగ్జాలిక్ యాసిడ్ కోనికల్ ఫ్లాస్క్‌ల పోసి, ఒక టెస్ట్‌ట్యూబ్ నిండ డైల్యూట్ సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి, 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడి చేసి, బ్యూరెట్‌ల నుంచి పర్మాంగనేట్ వదలాలె. రంగు చూపెట్టేది పర్మాంగనేటే కాబట్టి వేరే ఇండికేటర్ అక్కర్లేదు. లెక్క ఇట్ల ఉంటది:

```
M1V1/n1 = M2V2/n2
M(KMnO4) = (0.05 × 20 × 2) / (5 × V) = 2.0 / (5 × V)
```

ఇక్కడ 1 అంటే పర్మాంగనేట్, 2 అంటే ఆగ్జాలిక్ యాసిడ్, రెండు పర్మాంగనేట్‌కి ఐదు ఆగ్జాలిక్ యాసిడ్ లెక్కన కలుస్తయ్ కాబట్టి n1 అంటే 2, n2 అంటే 5. V మన టైటర్, అంటే బ్యూరెట్‌ల ఖర్చయిన పర్మాంగనేట్. ఈ V కింద ఉందని గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని మీదనే అంతా ఆధారపడి ఉంటది.

నాకు ఆ రోజు మూడు రీడింగులు వచ్చినయ్, 21.3, 19.1, 19.6. మూడు కలిపితే 60, సగటు 20.0, లెక్క వేస్తే సరిగ్గ 0.02 మోలార్! ఇంత చక్కటి నంబర్ వచ్చిందంటే కరెక్టే అని రికార్డుల రాసేసిన. మా సార్ చూసి ఆన్సర్ జోలికే పోలే, "ఈ మూడిట్ల ఏ రెండు కలుస్తున్నయ్?" అని అడిగిండు. ఏవీ కలుస్తలేవు. రెండు రీడింగులు 0.1 ఎంఎల్ లోపల కలిస్తేనే అది రీడింగు, లేకుంటే సగటు తీసే హక్కే లేదు. ఆ తర్వాత ఇంకో రెండు సార్లు ఓపికగా చేసిన, రెండు సార్లు 19.6 వచ్చింది. 5 ఇంటు 19.6 అంటే 98, 2.0 బై 98 అంటే 0.0204. సార్ దగ్గర ఉన్న విలువ కూడా అదే. అంటే నా 0.02 రెండు వేర్వేరు తప్పులు ఒకదాన్నొకటి కొంత మింగేస్తే వచ్చిన నంబర్, ఒకటి టైటర్‌ని పైకి గుంజింది, ఇంకోటి కిందికి.

21.3 ఎందుకొచ్చిందో ముందు చెప్త. ఆ ఫ్లాస్క్‌ల నేను యాసిడ్ తక్కువ పోసిన, పైగా తొందర తొందరగ పర్మాంగనేట్ వదిలిన. మధ్యల ద్రావణం టీ డికాషన్ లెక్క గోధుమ రంగుకు తిరిగింది. అది మాంగనీస్ డయాక్సైడ్. యాసిడ్ సరిపోను ఉంటే ఒక్కో పర్మాంగనేట్ 5 ఎలక్ట్రాన్లు తీసుకొని రంగులేని మాంగనీస్ అయాన్ అయితది, యాసిడ్ తక్కువైతే 3 దగ్గరనే ఆగిపోయి ఈ గోధుమ పొడి అయితది. అంటే అదే ఆగ్జాలిక్ యాసిడ్‌కి ఎక్కువ పర్మాంగనేట్ ఖర్చయితది, టైటర్ పెరుగుతది, V కిందుంది కాబట్టి మోలారిటీ తగ్గుతది. 21.3 వేసి చూస్తే 0.0188 వస్తది. గోధుమ రంగు మొదట్ల కొంచెమే కనబడి, ఇంకా ఆగ్జాలిక్ యాసిడ్ మిగిలి ఉంటే, ఇంకొంచెం యాసిడ్ పోసి వేడి చేసి కలుపుతుంటే అది మళ్లీ కరిగిపోతది. కానీ చివర్ల వస్తే ఆ ఫ్లాస్క్ పారబోసి మళ్లా మొదలుపెట్టుడే మంచిది.

19.1 కథ వేరే. అప్పటికి యాసిడ్ బాగనే పోసిన, వేడి కూడా చేసిన, కానీ పక్కోనితో మాట్లాడుకుంట నిలబడేసరికి ఫ్లాస్క్ చల్లారిపోయింది, పొద్దున బ్యాచ్ ల్యాబ్‌ల అది తొందరగనే చల్లారుతది. ఈ రియాక్షన్ చల్లగ ఉంటే మెల్లగ నడుస్తది, అందుకని చివర్ల పడ్డ చుక్క రంగు పోవడానికి టైం తీసుకుంటది, మనమేమో గులాబీ రంగు నిలబడ్డది, ఎండ్ పాయింట్ అయిపోయింది అనుకుంటం. లోపల ఆగ్జాలిక్ యాసిడ్ ఇంకా మిగిలే ఉంది! టైటర్ తక్కువ, మోలారిటీ ఎక్కువ, 0.0209. దీన్ని ఎట్ల పట్టుకోవాలంటే ఫ్లాస్క్‌ని చేత్తో ముట్టుకోండి, వేడి తగలకుంటే మళ్లీ వేడి చేయండి, గులాబీ రంగు పోతే అది దొంగ ఎండ్ పాయింట్. అట్లని మరుగబెట్టొద్దు, మరీ వేడైతే ఆగ్జాలిక్ యాసిడే విచ్ఛిన్నమై కొంత పోతది, అప్పుడు కూడా టైటర్ తగ్గుతది.

మొదటి చుక్కల దగ్గర కూడా చాలామంది భయపడతరు. వేడిగున్నా సరే మొదటి చుక్క రంగు పోవడానికి కొన్ని సెకన్లు పడ్తది, తర్వాతవి టక్కున పోతయ్. ఎందుకంటే రియాక్షన్‌ల పుట్టే మాంగనీస్ అయానే దానికి క్యాటలిస్ట్, అది మొదట్ల ఉండదు. కాబట్టి మొదటి చుక్క పోయి రంగు పోయేదాక ఆగి, తర్వాత స్పీడ్ పెంచండి, చివర్ల మళ్లీ చుక్క చుక్క.

సరైన ఎండ్ పాయింట్ అంటే లేత గులాబీ, వెనకాల తెల్ల కాగితం పెడితేనే కనబడేంత, 30 సెకన్లు నిలబడాలె. 30 సెకన్ల తర్వాత అది మెల్లగ వెలిసిపోతే ఇంకో చుక్క వేయొద్దు, నేను మొదట్ల అట్ల వేసి వేసి ముదురు రంగు చేసుకున్న. ఒక్క చుక్క అంటే సుమారు 0.05 ఎంఎల్, 19.6 మీద అది పావు శాతమే, కానీ నాలుగు చుక్కలు ఎక్కువేస్తే ఒక శాతం పోయినట్టే.

బ్యూరెట్ రీడింగ్ ఒక్కటి ప్రత్యేకం. పర్మాంగనేట్ ముదురు రంగు కాబట్టి కింద వంపు కనబడదు, పై అంచు దగ్గర చదవాలె. మొదలు, చివర రెండు పై అంచే చదివితే తేడా రద్దయిపోతది. మొదలు పైన, చివర కింద చదివితే మాత్రం టైటర్ ఎక్కువ వస్తది.

అసలు ఎగ్జామ్‌ల వైవా టైంకి ఎగ్జామినర్ సార్ అడిగిండు, "బ్యూరెట్‌ని నీళ్లతోటే కడిగి, పర్మాంగనేట్‌తో రిన్స్ చేయకుంటే ఏమైతది?" అని. చెప్పిన, బ్యూరెట్‌ల నీళ్లు మిగిలి పర్మాంగనేట్ పల్చనైతది సార్, టైటర్ పెరుగుతది, మోలారిటీ తగ్గుతది. "మరి పర్మాంగనేట్ మోలారిటీ ముందే తెలుసు, ఫ్లాస్క్‌ల ఉన్న ఆగ్జాలిక్ యాసిడే కనుక్కోవాలె అనుకో?" అన్నడు. ఒక్క సెకను ఆగి లెక్క చూసుకున్న. అప్పుడు ఫార్ములాల V కింది నుంచి పైకి పోతది, కాబట్టి టైటర్ పెరిగితే జవాబు కూడా పెరుగుతది సార్ అన్న. తలూపి నా పేపర్ తిప్పి పెట్టి పక్కన అమ్మాయిని పిలిచిండు.