ముందు ఏ భాషలో పలకరించాలి?

హైదరాబాద్‌లో కొత్త మనిషిని పలకరించేటప్పుడు నేను ముందు "నమస్తే" అని ఒక్క క్షణం ఆగుతాను. అది తెలుగులోనూ హిందీలోనూ చెల్లుతుంది కాబట్టి, తర్వాత ఏ భాషో ఎదుటివాళ్ల జవాబే చెప్పేస్తుంది. "నమస్తే అన్నా, చెప్పండి" అంటే తెలుగు, "హా భయ్యా, బోలో" అంటే హిందీ.

బట్టలు, పేరు చూసి భాష ఊహించడం నాకు నచ్చదు. చార్మినార్ దగ్గర గాజుల కొట్లలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లే మనతో చక్కటి తెలుగులో బేరమాడతారు. అంతకంటే వాళ్లు ఫోన్‌లో ఏం మాట్లాడుతున్నారో, పక్కవాణ్ని ఏమని పిలుస్తున్నారో వింటే నయం.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది ఒడిశా. పొద్దున్నే "సార్, పార్సిల్ వచ్చింది" అని తెలుగులోనే మొదలుపెడతాడు. చాలామంది వెంటనే హిందీలోకి మారిపోతారు. సాయం చేస్తున్నామనే అనుకుంటారు, కానీ అతను తెలుగు అక్కడితో ఆపేస్తాడు. నేను తెలుగులోనే చిన్న చిన్న మాటల్లో జవాబిస్తాను. అతను తడబడితే ఆ ఒక్క ముక్క హిందీలో చెప్పి మళ్లీ తెలుగుకి వస్తాను.

లిఫ్ట్‌లో ఇంగ్లీష్‌తో మొదలుపెట్టేవాళ్లతో ఇంగ్లీషే మాట్లాడతాను. వాళ్ల పిల్లలు తెలుగులో ఏదైనా అడిగారంటే మాత్రం వెంటనే తెలుగే!