ముగ్గురు బాసులు, ఒక గురువారం

దుబాయ్‌లో సైట్ ఇంజనీర్‌గా చేరిన మొదటి ఏడాది, ఎవరేమడిగినా నా జవాబు ‘యెస్ సార్’ ఒక్కటే. వీసా కంపెనీ చేతిలో ఉన్నప్పుడు ‘కాదు’ అనే మాట నోట్లోంచి రాదు. దాంతో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల పని ముందు చేసేవాణ్ణి. మెల్లగా మాట్లాడే కమర్షియల్ మేనేజర్ అడిగిన కొలతలు ఒకసారి గడువు దాటాయి. మా ఫ్లోర్ బిల్లు తర్వాతి నెలకు పోయింది. ఆయన అప్పుడూ అరవలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ తర్వాత ఒక ఆగస్టు గురువారం ఉదయం 7 గంటలకే మూడు పనులు వచ్చి పడ్డాయి. రాత్రి 8కి నాలుగో అంతస్తు స్లాబ్ కాంక్రీట్ ఉంది, కన్సల్టెంట్ ఇన్‌స్పెక్షన్‌కి స్టీల్ అంతా సరిచూసి పెట్టమని ప్రాజెక్ట్ మేనేజర్ అన్నాడు. సాయంత్రానికల్లా నెల బిల్లు కొలతలు కావాలన్నాడు కమర్షియల్ మేనేజర్. ‘వెరీ అర్జెంట్’ అంటూ డైరెక్టర్ విజిట్‌కి ఫోటోల ప్రెజెంటేషన్ అడిగాడు కన్‌స్ట్రక్షన్ మేనేజర్. లెక్కేస్తే మూడు, నాలుగు, రెండు, మొత్తం తొమ్మిది గంటలు. రోజువారీ రౌండ్లు పోగా నా చేతిలో ఉన్నవి ఆరు.

ఈసారి ముగ్గురికీ ఫోన్ చేసి ఒకటే అడిగాను: “సార్, ఇది రేపు ఇస్తే ఏం ఆగుతుంది?” స్టీల్ చెకింగ్ తప్పితే పంపు, మిక్సర్ లారీల బుకింగ్ పోతుంది, రాత్రి షిఫ్ట్ మనుషులు ఖాళీగా కూర్చుంటారు. బిల్లు కన్సల్టెంట్‌కి వెళ్లేది శుక్రవారం ఉదయం 11కి. ‘సాయంత్రం’ అనేది ఆయన చూసుకోవడానికి పెట్టుకున్న టైమ్. డైరెక్టర్ వచ్చేది సోమవారం! అర్జెంట్ అనే మాటకు తారీఖు అడిగితే చాలాసార్లు ఇలాగే జరుగుతుంది.

కమర్షియల్ మేనేజర్‌తో కాస్త బేరం కూడా ఆడాను. డబ్బు ఎక్కువగా ఉండే కాంక్రీట్, స్టీల్ కొలతలు ఈ సాయంత్రం 6కి, చిల్లర ఐటమ్స్ రేపు పొద్దున 9కి. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. అప్పుడు ముగ్గురినీ కలిపి ఒకే ఈమెయిల్ పెట్టాను: స్టీల్ చెకింగ్ మధ్యాహ్నం 12కి, బిల్లు రెండు భాగాలుగా, ప్రెజెంటేషన్ శనివారం. ఈ వరుస మార్చాలంటే ఏది వెనక్కి జరపాలో మీరు ముగ్గురూ మాట్లాడుకుని చెప్పండి అని చివర రాశాను.

కన్‌స్ట్రక్షన్ మేనేజర్‌కి కోపం వచ్చింది. అందరి ముందూ తన పని చివర పెట్టానట. ఫోన్ చేశాను గానీ వరుస ముందుగా ఆయనకు చెప్పలేదు, ఆ తప్పు నాదే. ఆయన ఆఫీసు ఉన్న పోర్టా క్యాబిన్‌కి వెళ్లి సారీ చెప్పాను. వరుస మాత్రం మార్చలేదు. చివరికి ఆయనే, శనివారం అక్కర్లేదు, ఆదివారం సాయంత్రం ఇవ్వమన్నాడు.